ఉగాది, రంజాన్ మూడేళ్లు జంటగా వచ్చి ఇప్పుడెందుకు విడిపోతున్నాయి?

2024 నుంచి మూడేళ్లపాటు విశాఖపట్నం పూర్ణామార్కెట్ వైపు పండుగ బేరం ఒకే వారంలో సాగింది. ఒకవైపు వేపపువ్వు, మామిడికాయలు, కొత్త చింతపండు. ఇంకోవైపు సేమ్యా, ఖర్జూరాలు, అత్తరు సీసాలు. 2024లో ఉగాది ఏప్రిల్ 9న, ఈద్ ఏప్రిల్ 11న వచ్చాయి. 2025లో మార్చి 30న ఉగాది, తెల్లవారితే ఈద్. 2026లో ఉగాది మార్చి 19, ఈద్ మార్చి 21. ఇక మీదట రెండూ కలిసే వస్తాయన్న భావన చాలామందిలో స్థిరపడుతుండగా, 2027 క్యాలెండర్ తిరగేస్తే ఈద్ మార్చి 10 ప్రాంతంలోనూ, ఉగాది ఏప్రిల్ 7న కనిపిస్తున్నాయి. ఒక్క ఏడాదిలో నాలుగు వారాల ఎడం పడింది.

సంక్షిప్తంగా

రెండు పండుగలకూ ఆధారం అమావాస్య తర్వాత మొదలయ్యే కొత్త చాంద్రమాసమే. పన్నెండు చాంద్రమాసాల ఏడాది సూర్యుడి ఏడాది కన్నా సుమారు 11 రోజులు తక్కువ. తెలుగు పంచాంగం ఆ లోటును పోగేసి మూడేళ్లలోపు ఒక అధిక మాసంతో పూడుస్తుంది. హిజ్రీ క్యాలెండర్ పూడ్చదు. 2026 మే, జూన్‌లలో వచ్చే అధిక జ్యేష్ఠమే ఈ జంటను విడదీస్తోంది. పండుగ ఒక రోజు అటూ ఇటూ కావడానికి కారణం మాత్రం వేరు: ఒకచోట తిథి లెక్క, ఇంకోచోట నెలవంక కంటికి కనబడడం.

పదకొండు రోజుల లోటు

ఒక అమావాస్య నుంచి మళ్లీ అమావాస్యకు సగటున 29.53 రోజులు పడుతుంది. పన్నెండు సార్లు తిరిగితే 354 రోజుల పైచిలుకు. సూర్యుడు మేషంలో మొదలుపెట్టి పన్నెండు రాశులూ దాటి మళ్లీ మేషానికి వచ్చేసరికి 365 రోజుల పైచిలుకు. ఈ రెండింటి తేడా దాదాపు 10.9 రోజులు. చంద్రుడిని చూసి నెలలు లెక్కపెట్టే ఏ సమాజానికైనా ఈ లోటు తగులుతుంది. తగిలినప్పుడు ఏం చేయాలన్న చోటే దారులు వేరవుతాయి.

ఉగాదిని ఉదాహరణగా తీసుకుంటే లోటు ఎంత పెద్దదో తెలుస్తుంది. పన్నెండు నెలలకొకసారి చైత్రం అని గుడ్డిగా లెక్కపెట్టుకుంటూ పోతే ఉగాది ఏటా 11 రోజులు ముందుకు జరుగుతుంది. మూడేళ్లకు నెల, తొమ్మిదేళ్లకు మూడు నెలలు. పదేళ్లు తిరక్కుండానే ఉగాది పుష్య మాసపు చలిలో, సంక్రాంతి ముగ్గుల మధ్య పడుతుంది. అప్పుడు చెట్టుకు వేపపువ్వు ఉండదు, మామిడి ఇంకా పూత మీదే ఉంటుంది. ఉగాది పచ్చడిలో వేసే సరుకంతా ఒక ప్రత్యేకమైన రుతువులో దొరికేది. ఆ రుతువు తెచ్చేది చంద్రుడు కాదు, సూర్యుడు. కాబట్టి నెలలు చంద్రుడివే అయినా ఏడాదిని సూర్యుడికి కట్టి ఉంచక తప్పలేదు.

సంక్రమణం తప్పిన నెల

ఆ కట్టు వేసే పద్ధతి పేరుకు క్లిష్టంగా ఉంటుంది కానీ సూత్రం ఒక్కటే. సూర్యుడు ఒక రాశి నుంచి ఇంకో రాశిలోకి మారడాన్ని సంక్రమణం అంటారు. సాధారణంగా ప్రతి చాంద్రమాసంలో ఒక సంక్రమణం ఉంటుంది. మీన రాశి నుంచి మేషంలోకి మారేది చైత్రంలో, మేషం నుంచి వృషభంలోకి మారేది వైశాఖంలో, అలా వరుసగా. అయితే సూర్యుడు ఒక రాశిలో సగటున 30 రోజుల పైన ఉంటాడు, చాంద్రమాసం 30 రోజులు కూడా నిండదు. నెలనెలా సంక్రమణం కాస్త కాస్తగా మాసం చివరికి జరుగుతూ పోయి, ఒకసారి ఏకంగా బయట పడుతుంది. సంక్రమణం లేని ఆ నెలే అధిక మాసం. దానికి సొంత పేరు ఉండదు. తర్వాత వచ్చే నెల పేరే అరువు తెచ్చుకుంటుంది. అసలు నెలను నిజ మాసం అంటారు.

2026లో ఇది జరిగే తీరు గమనించదగ్గది. ఆధునిక గ్రహస్థితులతో లెక్కించే దృగ్గణితం ప్రకారం సూర్యుడు వృషభంలోకి వచ్చేది మే 15 ఉదయం. అమావాస్య ముగిసేది మే 16 అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నరకు, అంటే ఇంగ్లిష్ తేదీ లెక్కన 17. అక్కడ కొత్త నెల మొదలవుతుంది. తర్వాతి అమావాస్య ముగిసేది జూన్ 15 ఉదయం సుమారు ఎనిమిదిన్నరకు. సూర్యుడు మిథునంలోకి అడుగుపెట్టేది అదే రోజు మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో. నెల ముగిసిన నాలుగైదు గంటలకు సంక్రమణం వచ్చిందన్నమాట. ఆ కాస్త ఆలస్యంతో మే 17 నుంచి జూన్ 15 దాకా ఉన్న నెల మొత్తం సంక్రమణం లేనిదైపోయింది. అదే అధిక జ్యేష్ఠం. నిజ జ్యేష్ఠం ఆ తర్వాత మొదలవుతుంది.

దీని ప్రభావం అదే ఏడాదిలో రెండు విధాలుగా కనిపిస్తుంది, గందరగోళం పుట్టేదీ అక్కడే. అధిక మాసానికి ముందు వచ్చే పండుగలన్నీ మామూలుగా 11 రోజులు ముందుకు జరుగుతాయి. తర్వాత వచ్చేవి 18, 19 రోజులు వెనక్కి పోతాయి. 2025లో మార్చి 30న వచ్చిన ఉగాది 2026లో మార్చి 19కి వచ్చింది. కానీ 2025 ఆగస్టు 27న వచ్చిన వినాయక చవితి 2026లో సెప్టెంబర్ 14న, అక్టోబర్ 2న వచ్చిన దసరా అక్టోబర్ 20న. సింహాచలం గిరి ప్రదక్షిణకు ఆధారమైన ఆషాఢ పౌర్ణమి జూలై 10 నుంచి జూలై 29కి పోతుంది. చందనోత్సవం వైశాఖంలోది కాబట్టి అధిక జ్యేష్ఠం తగలకముందే అయిపోతుంది. కొండ ఒక్కటే, ఏడాది ఒక్కటే అయినా ఒక ఉత్సవం ముందుకు, ఇంకోటి వెనక్కి. పండుగలు ఏటా ముందుకే వస్తాయని కొందరు, వెనక్కే పోతాయని కొందరు వాదించుకోవడానికి ఇద్దరి దగ్గరా ఆధారాలున్నాయి.

సగటున 32, 33 నెలలకొక అధిక మాసం వస్తుంది. పందొమ్మిదేళ్లలో ఏడు. ఈ లెక్క ఎంత బాగా కుదురుతుందంటే, పందొమ్మిదేళ్ల నాటి తిథీ తేదీ మళ్లీ దాదాపు ఒకచోటే కలుస్తాయి. పుట్టినరోజును తిథి ప్రకారం చేసుకునేవాళ్లకు 19వ ఏట, 38వ ఏట ఇంగ్లిష్ తేదీ కూడా ఒకటి రెండు రోజుల తేడాతో కలిసిరావడం అందుకే.

సంక్రాంతికి ఈ గొడవే లేదు. అది చంద్రుడితో సంబంధం లేకుండా మకర సంక్రమణానికి ముడిపడింది కాబట్టి జనవరి 14, 15 దాటి పోదు. అదీ కదులుతుంది, కానీ ఒక రోజు జరగడానికి డెబ్బై ఏళ్లు పడుతుంది.

సూర్యుడి ఊసెత్తని క్యాలెండర్

హిజ్రీ క్యాలెండర్‌కు కూడా పన్నెండు చాంద్రమాసాలే. అధిక మాసం మాత్రం లేదు. అది లేకపోవడం తెలియక జరిగింది కాదు. ఇస్లాంకు ముందు అరేబియాలో నసీ అనే ఆచారం ఉండేది. నెలలను వాయిదా వేయడం, అవసరాన్నిబట్టి ఒక నెల కలపడం అందులో భాగమని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. దానివల్ల యుద్ధం నిషిద్ధమైన పవిత్ర మాసాలను అనుకూలంగా అటూ ఇటూ జరుపుకునే వీలు ఉండేది. ఖురాన్ తొమ్మిదో అధ్యాయంలో నెలల సంఖ్య పన్నెండేనని చెబుతూ, నసీని తప్పుగా పేర్కొన్న వాక్యాలున్నాయి. దాంతో నెల కలిపే దారి మూసుకుపోయింది. ప్రవక్త మదీనాకు వలస వెళ్లిన క్రీస్తుశకం 622ను మొదటి ఏడాదిగా లెక్కించడం తర్వాత ఖలీఫా ఉమర్ కాలంలో స్థిరపడింది.

ఫలితంగా హిజ్రీ ఏడాది 354 లేదా 355 రోజులు. రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతూ అన్ని రుతువులనూ చుట్టి, 33 ఏళ్లకు మొదలుపెట్టిన చోటికి వస్తుంది. సూర్యుడి లెక్కన 33 ఏళ్లు నిండేసరికి హిజ్రీలో 34 ఏళ్లు అయిపోతాయి.

విశాఖలో ఈ తిరుగుడుకు అర్థం ఏమిటో ఉపవాసం ఉండేవాళ్లకు తెలుసు. 2017, 2018లలో రంజాన్ మే, జూన్ నెలల్లో పడింది. పగలు 13 గంటల పైన, గాలిలో సముద్రపు ఉక్క, రోహిణి కార్తె ఎండ. 2030 దగ్గరికి వచ్చేసరికి అదే ఉపవాసం డిసెంబర్, జనవరి నెలల్లోకి వస్తుంది. అప్పుడు ఇక్కడ పగలు 11 గంటలే. ఒక మనిషి జీవితంలో ఉపవాసం అన్ని కాలాలనూ రెండుసార్లయినా చూస్తుంది. ప్రపంచంలో ఉత్తరాన ఉన్నవాళ్లకు ఎప్పుడూ పొడుగు పగళ్లే, దక్షిణాన ఉన్నవాళ్లకు ఎప్పుడూ పొట్టి పగళ్లే అన్న తేడా ఈ తిరుగుడువల్ల చదునవుతుందని కూడా చెబుతారు.

తెలుగు పల్లెల్లో పీర్ల పండుగ కూడా మొహర్రంతోపాటే తిరుగుతుంది. అలావా గుండం ఒక ఏడాది వానల్లో తవ్వితే కొన్నేళ్లకు నడి ఎండల్లో తవ్వుతారు. ఆ పండుగలో హిందువులూ పాల్గొంటారు కానీ దాని తేదీకి పంచాంగం అక్కర్లేదు.

కలిసిన ఏడాది, విడిపోయే ఏడాది

ఇప్పుడు రెండు పద్ధతులనూ పక్కపక్కన పెడితే గత కొన్నేళ్ల చిక్కు విడిపోతుంది.

2023లో ఉగాది మార్చి 22న వచ్చింది. రంజాన్ నెల మొదలైంది మార్చి 24న. అంటే ఆ ఏడాది ఉగాది పక్కన ఉన్నది ఉపవాసాల ఆరంభం, పండుగ కాదు. ఈద్ నెల తర్వాత ఏప్రిల్ 22న జరిగింది. అప్పటికి రెండు క్యాలెండర్ల మధ్య ఎడం సరిగ్గా ఒక నెల. ఆ ఏడాదే జూలై 18 నుంచి ఆగస్టు 16 వరకు అధిక శ్రావణం వచ్చింది. తెలుగు పంచాంగం ఒక నెల ఆగి నిలబడింది, హిజ్రీ ఆగకుండా నడిచింది. 2024 వసంతానికి ఉగాది 18 రోజులు వెనక్కి జరిగి ఏప్రిల్ 9కి చేరింది, ఈద్ 11 రోజులు ముందుకు జరిగి ఏప్రిల్ 11కి వచ్చింది. 18కి 11 కలిపితే 29. ఆ నెల ఎడం కాస్తా చెరిగిపోయింది.

తర్వాత రెండేళ్లు అధిక మాసం లేదు. రెండు క్యాలెండర్లూ పన్నెండేసి నెలలే నడిచాయి కాబట్టి రెండు పండుగలూ ఒకే అడుగుతో 11 రోజుల చొప్పున ముందుకు వచ్చాయి. జంట చెదరలేదు. 2026 మే నెలలో మళ్లీ అధిక మాసం. ఇక్కడ ఉగాది ఇంకో నెల ఆగుతుంది, ఈద్ ఆగదు. అందువల్ల 2027లో రంజాన్ తర్వాతి నెల షవ్వాల్ ఒకటో తేదీ, అంటే ఈద్ పక్కన పడేది చైత్రం కాదు, ఫాల్గుణ శుద్ధ పక్షపు ఆరంభం. ఆ ఏడాది ఈద్‌కు పొరుగు పండుగ ఉగాది బదులు మహా శివరాత్రి అవుతుంది. శివరాత్రి మార్చి 6న, అమావాస్య మార్చి 8న, ఈద్ 10 ప్రాంతంలో. విశాఖ తీరంలో జాగరణ జరిగే రాత్రి రంజాన్ చివరి రోజుల్లో ఒకటి.

ఇదంతా మొదటిసారి జరుగుతున్నదేమీ కాదు. 1992లో ఏప్రిల్ మొదటి వారంలో, 1993లో మార్చి నాలుగో వారంలో ఉగాది, ఈద్ ఒకటి రెండు రోజుల తేడాతో వచ్చాయి. 1993లో అధిక భాద్రపదం పడింది. 1994కి విడిపోయాయి. ప్రతి అధిక మాసమూ హిజ్రీ నెలతో మన నెల జతను ఒక మెట్టు మారుస్తుంది. పన్నెండు మెట్లు దిగితే పాత జత తిరిగి వస్తుంది. దానికి 32, 33 ఏళ్లు పడుతుంది. కాబట్టి ఉగాదికీ ఈద్‌కూ మళ్లీ పొత్తు కుదిరేది 2050ల చివరి భాగంలోనే. ఈ లెక్క దసరా పక్కన మొహర్రం రావడం, దీపావళి పక్కన ఈద్ రావడం వంటి ఏ జంటకైనా వర్తిస్తుంది. రెండు మూడేళ్లు కలిసి, మూడు దశాబ్దాలు విడిగా.

ఆ ఒక్క రోజు తేడా

నెల ఎడం అర్థమైనా ఒక రోజు ఎడం మిగిలే ఉంటుంది. ఉగాదికి, ఈద్‌కు అమావాస్య ఒకటే అయినప్పుడు రెండూ ఒకే రోజు ఎందుకు రావు?

పంచాంగంలో తిథి అంటే రోజు కాదు. సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు దూరం జరగడానికి పట్టే సమయం. చంద్రుడి వేగం మారుతుంటుంది కాబట్టి ఒక తిథి 20 గంటలకే ముగియవచ్చు, 26 గంటలు దాటవచ్చు. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకు ఆ తిథి అన్నది సాధారణ నియమం. 2026 ఉగాది ఈ నియమానికి పరీక్ష పెట్టింది. మార్చి 19న విశాఖలో సూర్యోదయం సుమారు ఆరు గంటలకు. అమావాస్య ముగిసింది 6.53కు. అంటే తెల్లవారేసరికి ఇంకా అమావాస్యే. పోనీ 20న చేసుకుందామంటే పాడ్యమి ఆ తెల్లవారుజామున ఐదు లోపే ముగిసిపోయింది. 20 సూర్యోదయానికి ఉన్నది విదియ. పాడ్యమికి ఏ సూర్యోదయమూ దక్కలేదు. ఇలాంటిదాన్ని క్షయ తిథి అంటారు. అప్పుడు ఆ తిథి ఏ రోజు నడిచిందో ఆ రోజునే, అంటే 19నే పండుగ. ‘అమావాస్య పూట ఉగాదేమిటి’ అన్న అనుమానానికి జవాబు ఇదే.

పంచాంగాల మధ్య భేదం వచ్చేదీ ఇలాంటి అంచుల మీదే. సూర్యసిద్ధాంత గణితంతో వేసే పంచాంగానికి, ఆధునిక గ్రహస్థితులతో వేసే దృగ్గణిత పంచాంగానికి తిథి ముగిసే సమయంలో కొన్ని గంటల తేడా ఉండవచ్చు. తిథి మధ్యాహ్నం ముగిసే రోజున ఆ తేడా ఎవరికీ పట్టదు. సూర్యోదయానికి దగ్గరగా ముగిసే రోజున రెండు పండుగ తేదీలు పుడతాయి. మీ పంచాంగంలో పండుగ నాటి తిథి ముగింపు ఉదయం ఐదుకూ ఏడుకూ మధ్య కనబడితే, ఆ ఏడాది వివాదం తప్పదని ముందే ఊహించవచ్చు.

ఈద్‌కు లెక్క కన్నా చూపు ముఖ్యం. హిజ్రీ రోజు మొదలయ్యేది సూర్యాస్తమయంతో. రంజాన్ 29వ రోజు సాయంత్రం పడమటి ఆకాశంలో నెలవంక కనబడితే మర్నాడు షవ్వాల్ ఒకటి. కనబడకపోతే 30 నింపుకోవాలి. అమావాస్య క్షణంలో చంద్రుడు సూర్యుడి దిక్కులోనే ఉంటాడు కాబట్టి అసలు కనబడడు. 15 గంటల లోపు వయసున్న వంకను కంటితో పట్టుకోవడం దాదాపు అసాధ్యం. 24 గంటలు దాటితే, మబ్బు లేకపోతే, తేలిక. తెలుగులో విదియ చంద్రుడంటామే, ఆ గోరువంకే ఇది. ఉగాది పాడ్యమికి, ఈద్ విదియకో తదియకో రావడంలోని కిటుకు ఇంతే.

మూడేళ్ల లెక్కలు చూస్తే ఇది స్పష్టంగా తేలుతుంది. 2025లో అమావాస్య మార్చి 29 సాయంత్రం నాలుగున్నరకు ముగిసింది. ఉగాది సాయంత్రానికి వంక వయసు 25 గంటల పైనే. కనబడింది, మర్నాడు ఈద్. 2026లో ఉగాది సాయంత్రానికి వయసు 11 గంటలే. కనబడే అవకాశమే లేదు. 20 సాయంత్రం దాకా ఆగాల్సిందే, పండుగ 21. ఈ రెంటికీ మధ్యలో ఉన్నది 2024. అమావాస్య ఏప్రిల్ 8 అర్ధరాత్రికి కాస్త ముందు ముగిసింది. 9 సాయంత్రం విశాఖలో సూర్యాస్తమయానికి వంక వయసు పద్దెనిమిది గంటల చిల్లర, సరిగ్గా సందేహపు గీత మీద. కేరళలో ఆ సాయంత్రమే చూశామని ప్రకటించి 10న ఈద్ చేసుకున్నారు. ఇక్కడ, దేశంలో చాలాచోట్ల 11న జరిగింది.

ఇందులో భూగోళానికీ పాత్ర ఉంది. విశాఖ కన్నా కేరళ తీరంలో సూర్యుడు సుమారు అరగంట ఆలస్యంగా అస్తమిస్తాడు. ఆ అరగంటలో చంద్రుడు సూర్యుడి నుంచి ఇంకొంచెం దూరం జరుగుతాడు. పైగా వాళ్ల పడమర సముద్రం, అడ్డులేని దిగంతం. విశాఖకు సముద్రం తూర్పున. బీచ్‌లో నిల్చుంటే సూర్యోదయం బ్రహ్మాండంగా కనిపిస్తుంది కానీ నెలవంక వెతకాల్సిన వైపు భవనాలు, వాటి వెనక తూర్పు కనుమల వరుస. లేత వంక దిగంతానికి దగ్గరగా అరగంటో నలభై నిమిషాలో ఉండి దిగిపోతుంది. కొండల అంచు, హార్బరు వైపు పొగమంచు కలిస్తే ఆ కాస్త వ్యవధీ చాలదు. అందువల్ల ఇక్కడి ప్రకటన స్థానికంగా చూసినదాని మీదకన్నా, ఇతర ప్రాంతాల నుంచి నెలవంక కమిటీలకు అందిన సాక్ష్యాల మీద ఆధారపడడం సహజం. ప్రభుత్వ సెలవుల జాబితాలో ఈద్ తేదీ ముందే అచ్చయినా, చివరి క్షణంలో మారే వీలు ఉంచడానికి కారణం కూడా ఇదే.

లెక్కగట్టి ముందే తేదీ ప్రకటించవచ్చు కదా అంటే, కొన్ని దేశాలు అలాగే చేస్తున్నాయి. టర్కీ ఖగోళ గణితంతో ఏళ్ల తరబడి తేదీలు ముందే ఇస్తుంది. మన దేశంలో ఎక్కువమంది ఉలేమాలు కంటి చూపుకే కట్టుబడి ఉన్నారు. గణితం అమావాస్య క్షణాన్ని సెకన్లతో సహా చెప్పగలదు, కానీ ఫలానా సాయంత్రం ఫలానా ఊళ్లో మబ్బు ఉంటుందో లేదో చెప్పలేదు. తెలుగు పంచాంగకర్త మబ్బుతో పని లేకుండా వందేళ్ల తిథులు వేయగలగడం, ఈద్ తేదీ ముందురోజు రాత్రి దాకా తేలకపోవడం ఈ తేడా వల్లనే.

2030లో ఇంకో విశేషం ఎదురుచూస్తోంది. ఆ ఏడాది జనవరి మొదటి వారంలో ఒక రంజాన్ మొదలవుతుంది, డిసెంబర్ చివరి వారంలో ఇంకొకటి. మొదటిదాని తొలి రోజుల ఉపవాసాలు భోగి, సంక్రాంతి మీదుగా సాగుతాయి.